చల్లగా ఉండాలి, ఖర్చు కాకూడదు: మే నెలలో నెల్లూరు నుంచి ఏ కొండకు?

ఏప్రిల్ సగం దాటిందంటే నెల్లూరులో ట్రావెల్స్ ఆఫీసుకు వచ్చేవారిలో ముప్పాతిక మంది నోట ఒకటే కోరిక. చల్లటి చోటు కావాలి, డబ్బు ఎక్కువ కాకూడదు. ఈ మాట వినగానే ఊరి పేరు చెప్పి టికెట్లు తీసే ఏజెంటు దగ్గర నుంచి లేచి వచ్చేయడం మంచిది. ఎవరు వెళ్తున్నారో, ఏ నెలలో వెళ్తున్నారో తెలియకుండా చెప్పే పేరు అతనికి ఎక్కువ కమిషన్ వచ్చే ఊరి పేరే అయి ఉంటుంది. మా వృత్తి గురించి మేమే ఇలా చెప్పుకోవడం బాగుండదు గానీ, నిజం అదే.

కోవూరు నుంచి వచ్చిన ఒక ఎరువుల కొట్టు యజమానికీ నాకూ నడిచిన సంభాషణ ఇది. ఎంపిక ఎక్కడ తేలిందో చూడండి.

"ఎక్కడైనా చల్లటి చోటు చూడండి సార్. ఖర్చు మాత్రం ఎక్కువ కాకూడదు."

"ఎంతమంది?"

"ఐదుగురం. నేను, మా ఆవిడ, మా అమ్మ, పిల్లలిద్దరు. పాపకు పదమూడు, బాబుకు తొమ్మిది."

"ఎప్పుడు అనుకుంటున్నారు?"

"మే రెండో వారం. కోతలు అయిపోయాయి కాబట్టి కొట్లో బేరం ఉండదు. పిల్లలకూ సెలవులే."

"ఎన్ని రోజులు?"

"మూడు. మహా అయితే నాలుగు."

"సరే. ఈ వారం రోజుల్లో ఇంట్లో ఎండ గురించి అందరికంటే ఎక్కువ విసుక్కున్నది ఎవరు?"

ఆయన నవ్వాడు. "ఇదేం ప్రశ్న సార్? మా అమ్మే. పగలు వేపచెట్టు కింద మంచం వేసుకుని ఎలాగో గడిపేస్తుంది. రాత్రి కరెంటు పోతే మాత్రం ఇక నిద్ర లేదు. అమ్మ నిద్రపోకపోతే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు."

"అంటే రాత్రి దుప్పటి కప్పుకుని పడుకునేంత చలి ఉంటే చాలా? పగలు స్వెటర్ వేసుకుని తిరగాలని ఎవరికైనా ఉందా?"

"పాపకు ఉంది. ఊటీ అంటోంది. వాళ్ల క్లాసులో సగం మంది వెళ్లొచ్చారట."

"అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉంది?"

"మోకాళ్ల నొప్పులు. మెట్లంటే భయం. ఘాట్ రోడ్డులో మలుపులు ఎక్కువైతే కడుపులో తిప్పుతుంది."

"ఖర్చు ఎంతలో అనుకుంటున్నారు?"

"తక్కువలోనే."

"ఇంటి గడప దాటినప్పటి నుంచి మళ్లీ గడపలో అడుగు పెట్టేవరకు, దారిలో తాగే టీతో సహా లెక్క వేద్దాం. ఎంత దాటితే ఇంటికి వచ్చాక మీకు మనసు కష్టంగా ఉంటుంది?"

కాసేపు ఆలోచించి అన్నాడు. "ఇరవై ఐదు వేలు."

ఇక్కడికి పని సగం అయిపోయింది. ఎక్కువ బాధ ఎవరిది, పగటిదా రాత్రిదా, మొత్తం ఎంత అన్న మూడు జవాబులూ దొరికాక మిగిలేవి రెండు మూడు కొండలే. నెల్లూరు, ఒంగోలు, కావలి వారికి మే నెలలో నిజంగా పోల్చి చూడదగినవి హార్స్‌లీ హిల్స్, ఏర్కాడు, ఊటీ. మిగిలిన పేర్లు ఎందుకు పక్కన పెట్టానో ముందు రెండు ముక్కల్లో చెబుతాను.

లంబసింగి చలికి పేరుపడింది. కానీ ఆ పేరు డిసెంబరు, జనవరి నెలలది. వెయ్యి మీటర్ల ఎత్తున్న ఆ ఊరు మేలో ఎవరికీ మంచు చూపించదు. అరకు కూడా సుమారు 900 మీటర్లే. పైగా మన నుంచి విశాఖపట్నం వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ వంద కిలోమీటర్లకు పైగా కొండ ఎక్కాలి. మూడు రోజుల సెలవులో దాదాపు రెండు రోజులు దారికే పోతాయి. కొడైకెనాల్ చల్లదనంలోనూ ధరల్లోనూ ఊటీకి తోబుట్టువు. రైలు దిగే కొడై రోడ్డు స్టేషను నుంచి కొండ ఎక్కాల్సిన దూరం మాత్రం ఎక్కువ. ఇక మార్కాపురం, గిద్దలూరు వైపు వారు శ్రీశైలం అడుగుతారు. స్వామి దర్శనానికి వెళ్లండి, చల్లదనానికి కాదు. ఉదయగిరి దుర్గం మన జిల్లాలోనే ఉంది, ఎత్తూ ఉంది. కానీ పైన రాత్రి ఉండే ఏర్పాటు లేదు, ఎండలో ఎక్కే దారి అంతకంటే లేదు.

చల్లదనాన్ని లెక్క వేయడం

వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఈ సూత్రం చాలామందికి తెలుసు, తప్పు వచ్చేది దాన్ని వాడే తీరులో. నెల్లూరులో 41 డిగ్రీలు ఉంది కాబట్టి అందులోంచి తీసేయాలి అనుకుంటారు. కానీ కొండ ఉన్నది నెల్లూరులో కాదు. దాని కింద ఉన్న ఊరి వేడిలోంచి తీసేయాలి, అదీ ఆ ఊరికీ కొండకూ మధ్య ఉన్న ఎత్తుకు తగినంతే.

ఊటీ ఎత్తు సుమారు 2240 మీటర్లు. కింద ఉన్న కోయంబత్తూరు మేలో 35, 36 డిగ్రీల దగ్గర ఉంటుంది. పశ్చిమ కనుమల్లోని పాలక్కాడు సందు గుండా వచ్చే గాలి ఆ ఊరిని కాస్త కాపాడుతుంది. అందులోంచి పన్నెండు, పదమూడు తీసేస్తే ఊటీ మధ్యాహ్నం 23 డిగ్రీల దగ్గర తేలుతుంది. రాత్రి పన్నెండు, పదమూడుకు పడిపోతుంది. ఇది స్వెటర్ చలి.

ఏర్కాడు ఎత్తు సుమారు 1500 మీటర్లు. కింద ఉన్నది సేలం, అది 37, 38 ఉంటుంది. పైన మధ్యాహ్నం 29, 30. రాత్రి 18, 19. పగలు కాఫీ తోటల నీడలో హాయిగా ఉంటుంది, ఎండలో నిలబడితే ఎండే. సాయంత్రం ఒక్కోసారి ఉరుములతో వాన పడి ఇంకా చల్లబడుతుంది.

హార్స్‌లీ హిల్స్ ఎత్తు సుమారు 1265 మీటర్లు. అయితే కింద ఉన్న మదనపల్లె సముద్రతీరపు ఊరు కాదు, అదే దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. కాబట్టి మదనపల్లె నుంచి పైకి వెళ్తే తగ్గేది మూడున్నర డిగ్రీలే. మేలో మధ్యాహ్నం పైన 32, 33 ఉంటుంది. 'ఆంధ్రా ఊటీ' అన్న ముద్దుపేరు విని స్వెటర్లు సర్దుకుని వెళ్లినవారు అలిగి వచ్చేది అందుకే. రాత్రి మాత్రం 20, 21 డిగ్రీలకు దిగుతుంది.

ఆ రాత్రి అంకెను నెల్లూరు రాత్రితో పోల్చి చూడండి. మేలో ఇక్కడ తెల్లవారుజామున కూడా 28కి తక్కువ ఉండదు, పైగా సముద్రపు తేమ. చెమట ఆరదు. పడమటి గాలి బలంగా వీచిన రోజున సాయంత్రం రావలసిన సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఆ రోజు గోడలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. హార్స్‌లీ కొండ మీద ఎనిమిది డిగ్రీల తేడాతో పాటు తేమ కూడా తక్కువ. కిటికీ తెరిచి పడుకుంటే ఫ్యాను కూడా అక్కర లేని రాత్రులు ఉంటాయి. నిద్ర కోసం వెళ్లేవారికి ఇది చాలు. పగటి చలి కోసం వెళ్లేవారికి ఇది చాలదు. ఈ ఒక్క తేడా దగ్గరే హార్స్‌లీకీ ఊటీకీ మధ్య ఎంపిక తేలిపోతుంది. ఏర్కాడు ఆ రెండింటికీ నడుమ ఉంటుంది.

దగ్గరిదే చౌక అనుకుంటే

ఎరువుల కొట్టు యజమాని వెంటనే అన్నాడు. "హార్స్‌లీ దగ్గరే కదా సార్. కారు మాట్లాడేయండి, ఖర్చు కలిసొస్తుంది."

కలిసి రాదు. ఎందుకో చెబుతాను.

నెల్లూరు నుంచి తిరుపతి, పీలేరు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ దాదాపు 285 కిలోమీటర్లు. రానూ పోనూ 570. పైన తిరగడానికి ఇంకొక యాభై వేసుకున్నా 620. ఐదుగురు కాబట్టి చిన్న కారు సరిపోదు, ఏడు సీట్ల బండి కావాలి. కిలోమీటరుకు 16 రూపాయలు అనుకుందాం. 620ని 16తో హెచ్చిస్తే పదివేలలోపే కదా అని మీరు లెక్క వేస్తారు. బండి యజమాని అలా వేయడు. పై ఊర్లకు వెళ్లే బండికి రోజుకు కనీసం 250 కిలోమీటర్లు కట్టాలి, కొందరు 300 అంటారు. మూడు రోజులకు 750. మధ్య రోజు బండి కొండ మీద చెట్టు కింద నిలబడి ఉన్నా మీరు 250 కిలోమీటర్లకు కడతారు. అది 12,000. డ్రైవరు బత్తా రోజుకు 500 చొప్పున 1,500. టోల్ గేట్లకు ఇంకో 500. మొత్తం 14,000. గది అద్దె ఇంకా మొదలే కాలేదు.

అదే బస్సులో అయితే లెక్క మారిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు ఇది వర్తించదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపాలి. హార్స్‌లీ మన రాష్ట్రంలోనే ఉంది కాబట్టి ఈ ఇంట్లో అమ్మకు, ఆవిడకు, పాపకు నెల్లూరు నుంచి తిరుపతికీ, తిరుపతి నుంచి మదనపల్లెకూ ఎక్స్‌ప్రెస్‌లో డబ్బు అక్కర లేదు. మిగిలింది ఆయన టికెట్, బాబు అర టికెట్. రెండు బస్సులకూ కలిపి మనిషికి 400 అనుకుంటే వెళ్లడానికి 600, రావడానికి 600. మదనపల్లె నుంచి కొండకు దాదాపు ముప్పై కిలోమీటర్లు. పైకి వెళ్లే బస్సులు తక్కువ కాబట్టి అక్కడ మాత్రం టాక్సీ పెట్టుకోవాలి, ఒక్కో వైపు 1,200. మొత్తం ప్రయాణం 3,600.

ఒకే కొండ, ఒకే కుటుంబం. కారులో 14,000, బస్సులో 3,600. గదులు రాత్రికి 2,500 చొప్పున రెండు గదులు, రెండు రాత్రులు, 10,000. తిండికి రోజుకు 2,000 చొప్పున మూడు రోజులకు 6,000. బస్సులో వెళ్తే మొత్తం 19,600. కారులో వెళ్తే 30,000. మీరు వెళ్లే వారం ధరలు ఇటూ అటూ కావచ్చు, వాటిని అడిగి ఈ అంకెల స్థానంలో వేసుకోండి.

ఇప్పుడు ఏర్కాడు. ఇక్కడ రైలు మనకు పెద్ద వరం. శబరి ఎక్స్‌ప్రెస్ లాంటి కేరళ వైపు బండ్లు ఒంగోలు, నెల్లూరు, తిరుపతి, కాట్పాడి మీదుగా నేరుగా సేలం వెళ్తాయి. చెన్నైలో దిగి స్టేషను మారే బాధ లేదు. స్లీపర్ మనిషికి సుమారు 300. ఐదుగురికీ రానూ పోనూ 3,000. బాబుకు తొమ్మిదేళ్లు కాబట్టి సగం ఛార్జీ అనుకుంటారు. బెర్తు వద్దంటేనే సగం, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. అమ్మగారికి వృద్ధుల రాయితీ ఉంటుందనీ చాలామంది ఇంకా అనుకుంటున్నారు. అది 2020 మార్చిలో ఆగిపోయింది. సేలం నుంచి ఏర్కాడు ముప్పై కిలోమీటర్లు, టాక్సీకి ఒక్కో వైపు 1,500 వేస్తే 3,000. పైన ఒక రోజు తిరగడానికి బండికి 2,000. గదులు 10,000. రాత్రి ప్రయాణాలు కలిసి వస్తాయి కాబట్టి తిండికి 7,000. మొత్తం 25,000. సరిగ్గా ఆయన గీసిన గీత మీద నిలబడింది. పిల్లవాడు బోటు ఎక్కుతానన్నా గీత దాటుతుంది.

ఊటీ లెక్క త్వరగా చెప్పేస్తాను. కోయంబత్తూరు వరకు రైలు 3,600. అక్కడి నుంచి ఊటీకి 85 కిలోమీటర్ల టాక్సీ, రానూ పోనూ 7,000. మే నెలలో పూల ప్రదర్శన రోజుల్లో గది 4,000కు తక్కువ దొరికితే అదృష్టం, రెండు గదులు రెండు రాత్రులు 16,000. తిరగడానికి 2,500, తిండికి 8,000. మొత్తం 37,100. ఇందులో కొండ రైలు లేదు. మెట్టుపాళయం నుంచి కూనూరు వరకు 1899లో, ఊటీ వరకు 1908లో నడిచిన ఆ పళ్ల పట్టాల రైలు ఎక్కాలనే పిల్లలు ఊటీ అంటారు. దాని టికెట్లు మే నెలకు తెరిచిన రోజే అయిపోతాయి. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే మే రెండో వారానికి మార్చిలోనే కూర్చోవాలి. ఏప్రిల్ చివర వచ్చి అడిగితే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

సొంత కారులో ఊటీ వెళ్దామనుకునేవారికి ఇంకో మాట. 2024 మే 7 నుంచి ఊటీకీ కొడైకెనాల్‌కూ వెళ్లే బయటి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి. 2025 వేసవిలో రోజుకు ఇన్ని బండ్లే అని పరిమితి కూడా పెట్టారు. సెలవు రోజులకు పాస్ దొరకక గది డబ్బు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ప్రభుత్వ బస్సులో వెళ్లేవారికి ఈ గొడవ లేదు. ఇక్కడి టాక్సీ తమిళనాడులోకి వెళ్తే పర్మిటు రుసుము అదనం, అది ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోవాలి. బేరం కుదిరినప్పుడు ఆ మాట ఎత్తని డ్రైవరు సరిహద్దు దగ్గర తప్పకుండా ఎత్తుతాడు.

అమ్మగారి మోకాళ్లు

డబ్బు లెక్కలో హార్స్‌లీ గెలిచింది. కానీ బస్సులో వెళ్తే అమ్మగారు రెండు బస్సులు, ఒక టాక్సీ ఎక్కి దిగాలి. మే ఎండలో ఆరేడు గంటల ప్రయాణం. ఏర్కాడుకు రైల్లో పడుకుని వెళ్లవచ్చు, కానీ చివర ఇరవై పెద్ద మలుపులు ఉన్నాయి. కడుపులో తిప్పే మనిషికి ఆ గంట నరకం. హార్స్‌లీ ఘాట్ చిన్నది, చివరి తొమ్మిది పది కిలోమీటర్లే.

అందుకని నేను చెప్పింది ఇది. తెల్లవారుజామున అయిదు గంటల బస్సుకు బయలుదేరండి, ఎండ ముదిరేలోపు తిరుపతి దాటేస్తారు. మదనపల్లెలో భోజనం చేసి, ఎండ కాస్త తగ్గాక కొండ ఎక్కండి. బస్సులో అమ్మగారికి ముందు వరసల్లో, ఎండ తగలని వైపు సీటు పట్టండి. ఐదు వేలకు పైగా మిగులుతున్నాయి కదా, అందులోంచి తిరుగు ప్రయాణంలో మదనపల్లె నుంచి తిరుపతి వరకు టాక్సీ పెట్టుకున్నా గీత దాటదు.

ఆయన అప్పుడు అడిగిన ప్రశ్న నెల్లూరు వాళ్లందరూ అడిగేదే.

"తిరుపతి దారిలోనే కదా సార్. వచ్చేటప్పుడు కొండకు వెళ్లి దర్శనం చేసుకుని వచ్చేస్తే?"

"టికెట్లు ముందే తీసుకున్నారా?"

"లేదు. సర్వదర్శనానికి."

"మే నెల సెలవుల్లో ఆ క్యూలో ఎన్ని గంటలు పడుతుందో మీకే తెలుసు. అమ్మగారిని రెండు రోజులు చల్లగా నిద్రపుచ్చి మూడో రోజు కంపార్ట్‌మెంటులో కూర్చోబెడతారా?"

"అమ్మే వెళ్దామంటుంది సార్, అదే చిక్కు."

"అయితే ఆ ప్రయాణం విడిగా పెట్టుకోండి. రెండింటినీ కలిపితే రెండూ చెడతాయి."

ఇక పాప ఊటీ సంగతి. మే నెల ఊటీకి డబ్బు పోసి, ట్రాఫిక్‌లో కూర్చుని, పూల ప్రదర్శనలో మనుషుల వీపులు చూసి రావడం కంటే దసరా సెలవుల్లో వెళ్లడం మంచిది. అప్పుడు ఒకటి రెండు వానలు తగలవచ్చు, కానీ గది ధర దిగుతుంది. కొండ రైలుకు 60 రోజుల ముందు కూర్చుంటే టికెట్లు దొరికే ఆశ ఉంటుంది. అక్టోబరు సగం దాటితే ఈశాన్య రుతుపవనాల వానలకు ఆ పట్టాల మీద కొండచరియలు పడి రైలు ఆగిపోయే రోజులు ఉంటాయి, కాబట్టి దసరా మరీ ఆలస్యంగా వచ్చిన ఏడాది దీన్ని నమ్ముకోవద్దు.

గది తీసుకునేటప్పుడు

చల్లదనం కోసం వెళ్లి వేడిలో పడుకుని వచ్చేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫోనులో 'ఊటీ' అని వెతికితే వెయ్యి రూపాయలు తక్కువకు కనిపించే రిసార్టుల్లో కొన్ని మసినగుడిలో ఉంటాయి. జిల్లా నీలగిరే, కానీ ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. అక్కడికీ ఊటీకీ ఎనిమిది డిగ్రీలు తేడా. అలాగే 'ఏర్కాడు దగ్గర' అంటే సేలం వైపు కొండ పాదం కావచ్చు, 'హార్స్‌లీ హిల్స్ వ్యూ' అంటే కింది నుంచి కొండను చూడటమే కావచ్చు. ఫోటోలు చూసి దీన్ని పట్టుకోలేరు, అన్ని చోట్లా పచ్చటి చెట్లే ఉంటాయి. మ్యాపులో ఆ హోటల్ మీద వేలు పెట్టి, అక్కడి నుంచి కొండ మీది చెరువుకో బస్టాండుకో దారి వేసి చూడండి. పది కిలోమీటర్లు దాటి, గీత పాములా మెలికలు తిరిగిందంటే మీ గది కింద ఉన్నట్టే. ఇంకో గుర్తు కూడా ఉంది. మేలో ఏసీ గదికి ఎక్కువ డబ్బు అడిగే హోటల్ కొండ మీది హోటల్ అయ్యే అవకాశం తక్కువ. ఊటీ గదుల్లో చాలా చోట్ల ఫ్యానే ఉండదు.

హార్స్‌లీ మీద బస తక్కువ. రాష్ట్ర పర్యాటక సంస్థ వారి హరిత, అటవీ శాఖ వసతి, కొన్ని ప్రైవేటు చోట్లు, అంతే. బెంగళూరు నుంచి నూట యాభై కిలోమీటర్ల లోపే కాబట్టి శుక్రవారం సాయంత్రానికి అక్కడి కార్లతో కొండ నిండిపోతుంది. సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకుంటే గదీ దొరుకుతుంది, గాలిబండ మీద కూర్చోవడానికి చోటూ దొరుకుతుంది. చూడటానికి అక్కడ పెద్దగా ఏమీ లేదని ముందే చెప్పాలి. చిన్న జంతు ప్రదర్శనశాల, ఎత్తైన నీలగిరి చెట్లు, సాయంత్రం గాలి. పిల్లలకు రెండో రోజు మధ్యాహ్నానికి విసుగు పుడుతుంది. అందుకే రెండు రాత్రులు చాలంటాను. హోటల్ తిండి తప్ప వేరే దారి ఎక్కువ ఉండదు, రాత్రి భోజనం ముందే చెప్పి పెట్టుకోవాలి. పెద్దవారికి పళ్లు, అటుకులు, వారి మందులు కింది నుంచే తీసుకెళ్లాలి. పైన మందుల షాపును నమ్ముకోవద్దు.

ఏర్కాడు ఎంచుకున్నవారికి వచ్చే ఇబ్బంది వేరు. రైలు తెల్లవారుజామున సేలంలో దింపితే గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకు. ముసలివారితో, సామానుతో ఆరు గంటలు ఎక్కడ కూర్చుంటారు? బుక్ చేసేటప్పుడే ఉదయం గది ఇస్తారా, దానికి అదనం ఎంత అని అడిగి, జవాబును వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాటను ఆ పూట కౌంటరులో ఉన్న కుర్రాడు గుర్తుంచుకోడు. మే నెలలో అక్కడ జరిగే వేసవి ఉత్సవం తేదీలు కూడా చూసుకోండి. ఆ రోజుల్లో నేను వేసిన 2,500 గది 4,000 అవుతుంది, అప్పుడు 25,000 లెక్క చెల్లదు.

ఏ కొండ అయినా హోటల్‌కు ఫోను చేసి అడగవలసినవి: గది కింది అంతస్తులో ఉందా, బండి ఆగే చోటు నుంచి గదికి ఎన్ని మెట్లు, వేడినీళ్లు ఏ వేళల్లో, కరెంటు పోతే జనరేటరు రాత్రంతా వేస్తారా లేక పది గంటలకు ఆపేస్తారా. కొండ హోటళ్లలో గదులు వాలులో మెట్లు మెట్లుగా ఉంటాయి. 'గ్రౌండ్ ఫ్లోర్' అన్న గది రోడ్డుకు నలభై మెట్లు కింద ఉండవచ్చు. అందుకే అంతస్తు కాదు, మెట్లు లెక్క అడగాలి.

ఆయన ఇంటికి ఫోను చేశాడు. మాటలు నాకు సగమే వినిపించాయి. ఫోను పెట్టేసి అన్నాడు.

"మా ఆవిడ సరే అంది. పాప మాత్రం మాట్లాడటం లేదు."

"దసరాకు ఊటీ అని చెప్పారా?"

"చెప్పాను. మీరు రాసివ్వాలట."

రాసిచ్చాను. హార్స్‌లీలో సోమ, మంగళ రాత్రులకు రెండు గదులు అడిగితే ఒకటే రోడ్డు పక్కన దొరికింది, ఇంకొకటి పన్నెండు మెట్లు పైన. రోడ్డు పక్కది అమ్మగారికి, పిల్లవాడికి. పన్నెండు మెట్ల గది మిగిలిన ముగ్గురికి, అదనపు పరుపుతో.